మూడు మానిటర్లు, ఒక్క డిస్‌ప్లేపోర్ట్: డైసీ చైన్‌తో నా అనుభవం

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో సిస్టమ్స్ నేనే చూస్తాను. జీఎస్టీ పోర్టల్ ఒకదాంట్లో, ట్యాలీ ఒకదాంట్లో, ఎక్సెల్ ఇంకోదాంట్లో తెరిచి పెట్టుకోవాలని సారు మూడు 27 అంగుళాల మానిటర్లు తెప్పించారు, మూడూ 2560x1440వే. సీపీయూ వెనక చూస్తే ఒక డిస్‌ప్లేపోర్ట్, ఒక హెచ్‌డీఎంఐ, అంతే. ఇంటెల్ ఎనిమిదో జెన్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. మానిటర్లకి డిస్‌ప్లేపోర్ట్ ఇన్‌తో పాటు అవుట్ కూడా ఉంది కాబట్టి ఒకదాంట్లోంచి ఇంకోదానికి డైసీ చైన్‌గా కలుపుకుంటూ పోదాం అన్నారు సారు, మూడూ పట్టవేమో అని నాకు అనుమానం ఉన్నా సరే పెట్టి చూద్దామన్నాను.

సీపీయూ నుంచి మొదటి మానిటర్ ఇన్‌కి, దాని అవుట్ నుంచి రెండోదాని ఇన్‌కి, అక్కణ్ణుంచి మూడోదానికి. మొదటి రెండింటి మెనూలోకి వెళ్లి ఎంఎస్‌టీ, అంటే ఒకే కేబుల్‌లో ఒక్కో మానిటర్‌కి వేరే బొమ్మ పంపే పద్ధతి, ఆన్ చేయాలి, చివరిదాని తర్వాత ఇంకేం లేదు కాబట్టి దాంట్లో ఆఫ్‌లోనే ఉంచాలి. మొదటిదాంట్లో ఇది ఆన్ చేయకపోతే ఆ వెనక ఏవో మానిటర్లు ఉన్నాయన్న సంగతే కంప్యూటర్‌కి తెలీదు. చేశాక రెండు చక్కగా వెలిగాయి. మూడోది డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో పేరుతో సహా కనిపిస్తోంది గానీ స్క్రీన్ మాత్రం నలుపే.

మా ఆఫీసు కుర్రాడు "అన్నా, కేబుల్ పోయిందేమో, కొత్తది తెమ్మంటావా" అన్నాడు. ఆగు తమ్ముడూ అని, నల్లగా ఉన్న మానిటర్‌ని దాని కేబుల్‌తో సహా రెండో స్థానంలో పెట్టాను, బాగానే వెలిగింది, ఈసారి చివరికెళ్లిన మానిటర్ నల్లబడింది. అంటే కేబుల్ తప్పు కాదు, మానిటర్ తప్పూ కాదు. తర్వాత చివరిదాన్ని 1920x1080కి దించితే వెంటనే బొమ్మ వచ్చింది. ఇంక అనుమానం లేదు, బ్యాండ్‌విడ్త్ చాలట్లేదు.

లెక్క ఇదీ. ఈ సీపీయూలో ఉన్నది డిస్‌ప్లేపోర్ట్ 1.2. నాలుగు లేన్లు, ఒక్కో లేన్ సెకనుకి 5.4 గిగాబిట్లు, మొత్తం 21.6. దాంట్లో ప్రతి 10 బిట్లకి 8 మాత్రమే అసలు డేటా, కాబట్టి చేతికొచ్చేది 17.28. ఎంఎస్‌టీ దీన్ని 64 స్లాట్లుగా కోస్తుంది, బస్సులో సీట్లలాగా, ఒకటి హెడర్‌కి పోను 63 మిగులుతాయి. 2560x1440 60 హెర్ట్జ్‌కి సుమారు 5.80 గిగాబిట్లు కావాలి:

```
5.80 ÷ 17.28 × 64 = 21.5  →  22
22 + 22 + 22 = 66   (63 దాటింది)
22 + 22 + 14 = 58   (మూడోది 1920x1080)
```

సగం స్లాట్ ఇవ్వడం కుదరదు, అందుకే 21.5 అంటే 22 ఇవ్వాల్సిందే. మూడు స్లాట్ల తేడాతో మూడోది బయటే ఉండిపోయింది, నిజంగా ఉసూరుమనిపించింది. ఒత్తిడంతా సీపీయూకి మొదటి మానిటర్‌కి మధ్య ఉన్న కేబుల్ మీదే, మూడింటి డేటా దాంట్లోంచే పోవాలి కదా, రెండో కేబుల్‌లో 44 స్లాట్లే వెళ్తాయి. డిస్‌ప్లేపోర్ట్ 1.4 ఉన్న సీపీయూ అయితే ఇవే మూడు హాయిగా పడతాయి, ఒక్కోదానికి 15 స్లాట్లే. కానీ మొదటి మానిటర్ కూడా ఆ స్పీడు అందుకునేదై ఉండాలి, అది 1.2 స్పీడుకే పరిమితమైతే సీపీయూ ఎంత కొత్తదైనా లింకు 1.2 స్పీడులోనే కుదురుతుంది.

మూడోదాన్ని 1080లో వదిలేస్తే ఎక్సెల్ అక్షరాలు మసగ్గా ఉన్నాయి, రోజంతా అంకెలు చూసేవాళ్ల కళ్లకి అది మంచిది కాదు. అందుకే చైన్‌లో రెండే ఉంచి మూడోదాన్ని హెచ్‌డీఎంఐకి కలిపాను, అది హెచ్‌డీఎంఐ 1.4యే అయినా 2560x1440 60 హెర్ట్జ్‌కి సరిపోతుంది. మూడూ పూర్తి రిజల్యూషన్‌లో వచ్చాయి. నాలుగోది అడగొద్దని సారుకి ముందే చెప్పాను, ఈ ప్రాసెసర్ గ్రాఫిక్స్ ఒకేసారి నడిపేది మూడు డిస్‌ప్లేలనే, చైన్ చేసినంత మాత్రాన ఆ సంఖ్య పెరగదు.

ఆ తర్వాత సారు తన విండోస్ ల్యాప్‌టాప్‌ని కూడా ఇలాగే పెట్టమన్నారు, యూఎస్‌బీ-సీ డాక్ ద్వారా. డాక్‌లో యూఎస్‌బీ 3 కూడా నడుస్తుంటే వీడియోకి రెండు లేన్లే మిగులుతాయి, అంటే లింకు 1.2 స్పీడులో ఉంటే 17.28లో సగం, 8.64. దాంట్లో ఒక 2560x1440కే 43 స్లాట్లు పోతాయి, పక్కన 1080ది పెట్టినా 27 కావాలి, పట్టదు. అందుకని డాక్‌కి ఒకటే ఇచ్చి, రెండోదాన్ని ల్యాప్‌టాప్‌కున్న హెచ్‌డీఎంఐకి నేరుగా పెట్టాను. మాక్‌బుక్ కొంటే ఎలా ఉంటుందని కూడా అడిగారు గానీ మాక్ ఓఎస్‌లో ఎంఎస్‌టీ చైన్ పెడితే వెనక మానిటర్లలో వేరే బొమ్మ రాదు, మొదటిదాంట్లో ఉన్నదే కనిపిస్తుంది, ఈ మానిటర్లు ఉన్నంతకాలం విండోస్ ల్యాప్‌టాపే ఉంచుకోండి అని చెప్పాను.