కన్వర్షన్ రేటు పడిపోయింది, తప్పు చీరలది కాదు: నా అనుభవం

మేము ఆన్‌లైన్‌లో చేనేత చీరలు అమ్ముతాం. మంగళగిరి, వెంకటగిరి, గద్వాల నుంచి సరుకు తెప్పించి హైదరాబాదు నుంచి పంపిస్తాం. అమ్మకాల లెక్కలు చూసే పని నాది. మార్చిలో మా కన్వర్షన్ రేటు, అంటే దుకాణానికి వచ్చిన ప్రతి వందమందిలో కొన్నవారి సంఖ్య, 2.4 నుంచి 1.65కి పడిపోయింది. కారణం తేల్చే బాధ్యత నా మీద పడింది. ఈ వారమే అది ఒక కొలిక్కి వచ్చింది. ఇక్కడి అంకెలను చదవడానికి వీలుగా గుండ్రం చేశాను. నిష్పత్తులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

మొదటి పని సులువు. వెబ్‌సైటు గణాంకాల్లో కనిపించే కొనుగోళ్లను మా ఆర్డర్ల పుస్తకంతో సరిపోల్చాను. ఈ పని చేయకుండా ఎవరూ ముందుకు వెళ్లకూడదు. కొనుగోలును లెక్కించేది డబ్బు కట్టాక వచ్చే ధన్యవాదాల పేజీ. ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో డబ్బు కట్టినవాళ్లు కొందరు మళ్లీ బ్రౌజర్‌కు రారు. ఆర్డరు మనకు చేరుతుంది, గణాంకాల్లో మాత్రం పడదు. మా దగ్గర నూటికి మూడు అలా తప్పిపోతున్నాయి. రేటు పడకముందూ, పడ్డాకా అదే తేడా ఉంది కాబట్టి పతనానికి అది కారణం కాదు.

తర్వాత, కొత్త వీడియో ప్రకటనలు మొదలైన రోజుకు ముందరి 28 రోజులను, తర్వాతి 28 రోజులను పక్కపక్కన పెట్టాను. నెలకు నెల పోలిస్తే ఫిబ్రవరిలో మూడు రోజులు తక్కువ, ఆదివారాల సంఖ్య కూడా మారవచ్చు. నాలుగేసి వారాలు తీసుకుంటే ఆ గొడవ ఉండదు.

ముందరి కాలంలో లక్ష మంది వచ్చారు, 2,400 మంది కొన్నారు. తర్వాతి కాలంలో 1,60,000 మంది వచ్చారు, 2,640 మంది కొన్నారు. అంటే ఆర్డర్లు పెరిగాయి, రేటు పడింది. కార్యాలయంలో అందరూ శాతాన్ని చూసి భయపడ్డారు తప్ప, పక్కనే ఉన్న ఆర్డర్ల సంఖ్య ఎవరికీ పట్టలేదు.

వచ్చినవారిని రెండుగా విడదీశాను. ప్రకటనలు నొక్కి వచ్చినవారు కాక, మా పేరు వెతుక్కుంటూనో వాట్సాప్ లింకు ద్వారానో వచ్చినవారు రెండు కాలాల్లోనూ 80,000 మందే. వారి రేటు అప్పుడూ 2.8, ఇప్పుడూ 2.8. పరీక్షల కాలం కాబట్టి రేటు తగ్గిందని ఒకరు వాదించారు. పరీక్షలే కారణమైతే ఈ 80,000 మందిలోనూ ఆ తగ్గుదల కనిపించాలి కదా. ప్రకటనల ద్వారా వచ్చినవారు 20,000 నుంచి 80,000 అయ్యారు. వారి రేటు 0.8 నుంచి 0.5కి తగ్గింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేయాలి. ప్రకటనల రేటు 0.8 దగ్గరే నిలిచి ఉంటే మొత్తం రేటు ఎంత అయ్యేది? ప్రకటనలవారి 640, మిగిలినవారి 2,240 కలిపితే 2,880. దాన్ని 1,60,000తో భాగిస్తే 1.8. కాబట్టి మొత్తం 0.75 పతనంలో 0.60, తక్కువగా కొనే జనం ఎక్కువగా రావడం వల్లనే వచ్చింది. అది జబ్బు కాదు. మిగిలిన 0.15 మాత్రం ఏదో చెడిపోయిందని చెబుతోంది. ఆర్డర్లలో అది 240.

ఇంతవరకు తేల్చుకుని సమావేశానికి వెళ్లాను. అక్కడ జరిగింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా ప్రకటనలు నడిపే ఏజెన్సీ తరఫున ఒక పెద్దమనిషి వచ్చారు. నేను నోరు తెరిచేలోపే తెర మీద ఒక పట్టిక పెట్టారు. మొదటిసారి ఏ నెలలో కొన్నారో ఆ నెలను బట్టి కొనుగోలుదారులను గుంపులు చేసిన కోహార్ట్ పట్టిక అది. డిసెంబరులో మొదటిసారి కొన్నవారిలో 11 శాతం మళ్లీ కొన్నారు. మార్చిలో మొదటిసారి కొన్నవారిలో 4 శాతమే. ఆయన ఆ రెండు గడులకు ఎర్ర రంగు వేసి, "చూడండి సార్, మేము జనాన్ని తెస్తున్నాం. ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ రావడం లేదు. లోపం సరుకులో ఉంది, ప్రకటనల్లో కాదు" అన్నారు.

మా యజమాని ముఖం వాడిపోయింది. మంగళగిరికి ఇవ్వవలసిన తర్వాతి ఆర్డరును ఆపేద్దామా అని అప్పటికప్పుడే కొనుగోళ్ల బాధ్యుణ్ణి అడిగారు. ఆ ఆర్డరు మీద ఎన్ని మగ్గాలు ఆధారపడి ఉన్నాయో ఆ గదిలో అందరికీ తెలుసు. నేను లేచి, "సార్, ఆ రెండు గుంపుల వయసు ఒకటి కాదు" అన్నాను. ఏజెన్సీ ఆయన నా వైపు చూడనైనా చూడకుండా, "అమ్మాయికి ఇంకా అనుభవం తక్కువ సార్, ఇవి పరిశ్రమలో అందరూ వాడే పట్టికలు" అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. యజమాని, "అమ్మా, నువ్వు కూర్చో, తర్వాత మాట్లాడదాం" అన్నారు. కూర్చున్నాను. మిగిలిన గంటా ఆ పట్టిక మీదే చర్చ సాగింది, నన్ను ఒక్క మాట అడగలేదు.

నేను చెప్పాలనుకున్నది ఇది. సమావేశం ఏప్రిల్ మధ్యలో జరిగింది. డిసెంబరు గుంపుకు మళ్లీ కొనడానికి అప్పటికి మూడున్నర నెలల పైనే గడువు దొరికింది. మార్చి 28న కొన్న మనిషికి దొరికింది రెండు వారాలకు కాస్త ఎక్కువ. మొన్న నాటిన మొక్కకు నిరుటి చెట్టంత కాపు లేదని నేలను తిట్టడం లాంటిది ఆ పోలిక. కోహార్టులను ఎప్పుడూ ఒకే వయసు దగ్గర పోల్చాలి. మొదటి కొనుగోలు తర్వాత 30 రోజులు అనుకుంటే, ఆ 30 రోజులూ పూర్తయినవారినే లెక్కలోకి తీసుకోవాలి. పూర్తికానివారిని పైనా కిందా రెండు చోట్లా తీసేయాలి.

ఆ రాత్రే లెక్క కట్టాను. మా ఆర్డర్ల పట్టిక మీద వాడిన ప్రశ్న ఇంత చిన్నది:

```sql
SELECT COUNT(*)
FROM first_orders f
WHERE f.first_date <= CURRENT_DATE - 30
  AND EXISTS (
    SELECT 1 FROM orders o
    WHERE o.phone = f.phone
      AND o.order_date > f.first_date
      AND o.order_date <= f.first_date + 30);
```

దీనికి నెల షరతు కలిపి ఒక్కో గుంపుకు విడిగా నడిపాను. `EXISTS` భాగం తీసేసి మళ్లీ నడిపితే వచ్చిన మొత్తంతో దాన్ని భాగించాను. డిసెంబరువారిలో మొదటి 30 రోజుల్లో మళ్లీ కొన్నవారు 5 శాతం. మార్చి మొదటి సగంలో కొన్నవారిలో కూడా 5 శాతమే. చీరలో లోపం లేదు, నేతలో లోపం లేదు. తెర మీద ఎర్ర రంగు వేసినంత మాత్రాన నేతగాళ్ల పొట్ట కొట్టే నిర్ణయం తీసుకోబోయారు. లెక్కలు చూసే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే: కోహార్ట్ పట్టిక ఎవరు తెచ్చినా, చివరి వరుసలను చేత్తో మూసి, గడువు పూర్తయిన గడులను మాత్రమే చదవండి. బయటి ఏజెన్సీ తెచ్చినదైతే, వాళ్ల ఎదుటే మూయండి.

సరుకు తప్పు కాదని తేలింది గాని, ఆ 240 ఆర్డర్లు ఎక్కడ పోయాయన్నది మిగిలే ఉంది. ప్రకటనలవారి ఫన్నెల్‌ను మెట్టుమెట్టుగా తీశాను: చీర చూడటం, బుట్టలో వేయడం, చిరునామా ఇవ్వడం, డబ్బు కట్టే పేజీకి చేరడం, కొనడం. ముందరి కాలంలో 20,000 మందిలో 250 మంది డబ్బు కట్టే పేజీ దాకా వచ్చారు. తర్వాతి కాలంలో 80,000 మందిలో 1,000 మంది. రెండూ 1.25 శాతమే. అంటే కొత్తగా వచ్చిన జనానికి చీరలు నచ్చాయి, ధర నచ్చింది, చిరునామా కూడా రాశారు. ఆ తర్వాతి మెట్టు దగ్గరే తేడా ఉంది. ముందు 250 మందిలో 160 మంది కొన్నారు, 64 శాతం. ఇప్పుడు 1,000 మందిలో 400 మందే, 40 శాతం.

ఆ 1,000 మందిని ఫోను రకం, ఊరు, బ్రౌజరు వారీగా విడదీశాను. మొదటి రెండింటిలో ఏమీ దొరకలేదు. బ్రౌజరు దగ్గర దొరికింది. మామూలు బ్రౌజరులో వచ్చిన 400 మందిలో 256 మంది కొన్నారు, సరిగ్గా 64 శాతం. సామాజిక మాధ్యమ యాప్ లోపలే తెరుచుకునే బ్రౌజరులో వచ్చిన 600 మందిలో 144 మందే, 24 శాతం. ఆండ్రాయిడ్‌లో ఇలాంటి బ్రౌజరు తన గుర్తింపు వాక్యంలో సాధారణంగా `wv` అని రాసుకుంటుంది. దాన్ని బట్టి వేరు చేశాను. ఆ 144 ఆర్డర్లు దాదాపు అన్నీ క్యాష్ ఆన్ డెలివరీవి, కార్డువి. యూపీఐ ద్వారా వచ్చినవి లేవన్నట్టే.

అప్పుడు ఫోను తీసి మా ప్రకటననే నొక్కి, ఒక కాటన్ చీర బుట్టలో వేసి, యూపీఐ ఎంచుకున్నాను. తెల్లటి పేజీ మీద `net::ERR_UNKNOWN_URL_SCHEME` అని వచ్చింది. యూపీఐ బొత్తాం నొక్కితే `upi://pay` అని మొదలయ్యే లింకు వెళ్తుంది. క్రోమ్ ఆ లింకును ఫోనులోని యూపీఐ యాప్‌కు అందిస్తుంది. యాప్ లోపలి బ్రౌజరుకు `http`, `https` తప్ప వేరే లింకులను ఏం చేయాలో ఆ యాప్ తయారీదారు చెప్పి ఉంచాలి. చెప్పకపోతే అక్కడే ఆగిపోతుంది. పాత ప్రకటనలు ఎక్కువగా వెతుకులాట ఫలితాల్లో కనిపించేవి కాబట్టి మామూలు బ్రౌజరులో తెరుచుకునేవి. కొత్త వీడియో ప్రకటనలు యాప్ లోపలే తెరుచుకున్నాయి. వాటిని రూపొందించినవాళ్లు ఒక్కసారైనా తమ ఫోనులో డబ్బు కట్టి చూడలేదు.

పోయిన ఆర్డర్లు 240 అన్నది గరిష్ఠ అంచనా అని యజమానికి విడిగా చెప్పాను. ఆగిపోయినవారిలో కొందరు తర్వాత క్రోమ్ తెరిచి కొన్నారు. రెండు బ్రౌజర్ల కుకీలు వేరు కాబట్టి గణాంకాలు వారిని ఇద్దరు మనుషులుగా లెక్కిస్తాయి. చిరునామాతో పాటు ఇచ్చిన ఫోను నంబరును బట్టి అలాంటివారిని కొందరిని పట్టుకోగలిగాను. వేరే నంబరు ఇచ్చినవారు దొరకరు.

ఇప్పుడు డబ్బు కట్టే పేజీకి రాకముందే, బ్రౌజరును గుర్తుపట్టి, బుట్ట చెదిరిపోకుండా క్రోమ్‌లో తెరిచే బొత్తాం చూపిస్తున్నాం. ఆ 24 శాతం 55 దగ్గరికి వచ్చింది. మంగళగిరి ఆర్డరు వెళ్లింది. ఈ మొత్తం లెక్క ఒంటిచేత్తో తేల్చానని గర్వంగానే చెబుతాను. ఏజెన్సీ ఆయన మాత్రం ఇంతవరకు తన పట్టికను వెనక్కి తీసుకోలేదు. సోమవారం సమీక్షకు ఆయన మళ్లీ వస్తున్నారు. ఈసారి మొత్తం రేటు ఒక్కటే కాకుండా, ప్రకటనలవారిది, మిగిలినవారిది, యాప్ లోపలి బ్రౌజరువారిది వేర్వేరు వరుసల్లో తెర మీద పెట్టమని యజమాని నాకే చెప్పారు.