క్లోజింగ్ ధరకు కొనేదెవరు?

స్టాక్ ఆప్షన్లలో స్ట్రాంగిల్ అమ్మే స్ట్రాటజీని ఎక్స్ఛేంజ్ రోజూ ఇచ్చే క్లోజింగ్ ధరల ఫైల్ భావ్‌కాపీ డేటాతో బ్యాక్‌టెస్ట్ చేస్తే, ట్రేడ్‌కి సగటున 5 రూపాయల లాభం కనిపించింది. ఎంత సంతోషపడ్డానో! నిన్న మార్కెట్ నడుస్తుండగా అలాంటి స్ట్రైకే తెరిచి చూశాను. మధ్య ధర 12, కానీ బిడ్ 10.50, ఆస్క్ 13.50. అమ్మినా, తిరిగి కొన్నా 1.50 పోతుంది. కాల్, పుట్ రెండు లెగ్‌లకు ఎంట్రీ, ఎగ్జిట్ కలిపి నాలుగుసార్లు, అంటే 6 రూపాయలు. లాభం కాస్తా రూపాయి నష్టమైంది, బ్రోకరేజీ, పన్నులు కలపకుండానే.

పైగా ట్రేడింగ్ పలచగా ఉన్న స్ట్రైక్‌లో ఆ క్లోజింగ్ ధర ఎప్పుడో మధ్యాహ్నం జరిగిన ట్రేడ్‌ది కావచ్చు. ఫైల్‌లో బిడ్, ఆస్క్ ఉండవు కదా. అందుకే వాల్యూమ్ లేని రోజులు తీసేశాను. ఇక రోజూ మూడింటికి బిడ్, ఆస్క్‌ల మధ్య తేడా, అంటే స్ప్రెడ్ రాసుకుంటాను, ప్రతి ఫిల్‌లో అందులో సగం తగ్గించి మళ్లీ నడుపుతాను.