కట్టని పన్నును ఖర్చుగా రాసిన ఏడాది: డిఫర్డ్ టాక్స్ లెక్కతో నా అనుభవం

విజయవాడ ఆటోనగర్‌లో అట్టపెట్టెలు తయారుచేసే ఒక చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో నేను అకౌంటెంట్‌గా పనిచేస్తున్నాను. డిఫర్డ్ టాక్స్ అంటే ఈ ఏడాది లాభానికి సంబంధించినదే అయినా వేరే ఏడాదికి జరిగే పన్ను. 2022-23 సంవత్సరం వరకు మా డిఫర్డ్ టాక్స్ లెక్కను ఆడిటర్ గారి ఆఫీసులోనే ఎవరో వేసి పంపేవారు. ఆ ఎంట్రీని ట్యాలీలో వేయడం వరకే నా పని. 2023-24 లెక్కలకు వచ్చేసరికి, 2024 ఆగస్టులో ఆడిటర్ గారు, "ఈసారి వర్కింగ్ మీరే చేసి పంపండమ్మా, మేము సరిచూస్తాం" అన్నారు. ఒక్క పూటలో తేలిపోతుందనుకున్న ఆ పని నాకు నాలుగు రోజులు పట్టింది. కింద ఇచ్చిన అంకెలు చదవడానికి వీలుగా ఉండాలని వాటిని లక్షలకు సర్దాను గానీ, నేను చేసిన తప్పు, అది దొరికిన తీరు జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

ముందుగా మా కొత్త మెషిన్ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యవహారమంతా దానిలోనే కనిపిస్తుంది. 2023 ఏప్రిల్ మొదటి వారంలో 40 లక్షలు పెట్టి ఒక మెషిన్ కొన్నాము. కంపెనీల చట్టం షెడ్యూల్ 2 ప్రకారం మామూలు యంత్రాలకు 15 ఏళ్ల ఆయుష్షు కడతారు. చివరికి 5 శాతం, అంటే 2 లక్షలు, స్క్రాప్ విలువగా మిగులుతుందనుకుంటే, మిగతా 38 లక్షలను 15 ఏళ్లకు సమానంగా పంచాలి కాబట్టి పుస్తకాల్లో ఏడాదికి 2,53,333 రూపాయల తరుగుదల పడుతుంది. ఆదాయపు పన్ను చట్టానికి ఈ ఆయుష్షుతో పని లేదు. అది ఏటా మిగిలిన విలువ మీద 15 శాతం ఇస్తుంది కనుక మొదటి ఏడాది 6 లక్షలు, రెండో ఏడాది 5.10 లక్షలు, మూడో ఏడాది 4.34 లక్షలు, ఇలా తగ్గుతూ పోతుంది.

మెషిన్ ఒకటే, పెట్టిన డబ్బూ ఒకటే. అయినా మొదటి ఏడాది పన్ను లెక్కలో దాదాపు మూడున్నర లక్షలు అదనంగా ఖర్చు చూపించుకుంటాము, ఆ మేరకు పన్ను తగ్గుతుంది. అలా తగ్గిన పన్ను మాఫీ అయినట్టు కాదు. ఆరో ఏడాది వరకు పన్ను తరుగుదలే ఎక్కువగా ఉండి, ఏడో ఏడాది అది 2.26 లక్షలకు పడిపోయి పుస్తకాల తరుగుదల కన్నా తక్కువ అవుతుంది. అక్కడి నుంచి పన్నుకు లెక్కగట్టే లాభం పుస్తకాల లాభాన్ని మించి, ఇన్నాళ్లూ వెనక్కి పెట్టుకున్న పన్ను కొంచెం కొంచెంగా బయటకు వస్తుంది. ఈ రాబోయే భారాన్ని ఇప్పుడే గుర్తించి రాసి పెట్టుకోవడమే డిఫర్డ్ టాక్స్ లయబిలిటీ.

గ్రాట్యుటీ దీనికి సరిగ్గా ఎదురు దిక్కున నడుస్తుంది. మా కార్మికుల గ్రాట్యుటీ కోసం ఆ ఏడాది పుస్తకాల్లో 2 లక్షలు ప్రొవిజన్ చేశాము. మాకు ఆమోదం పొందిన గ్రాట్యుటీ ఫండ్ లేదు కాబట్టి, ఉద్యోగికి నిజంగా చెల్లించాల్సి వచ్చిన ఏడాదిలో తప్ప పన్ను చట్టం దాన్ని ఖర్చుగా ఒప్పుకోదు. అంటే ఈ 2 లక్షల మీద పన్ను ఇప్పుడే కట్టేస్తున్నాము, ఆ ప్రయోజనం తర్వాత వస్తుంది. ఇలా ముందుగా కట్టినదాన్ని డిఫర్డ్ టాక్స్ అసెట్ అంటారు.

ఇవి రెండూ కాలం తేడాలు, ఈరోజు వచ్చి మరొకరోజు తీరిపోయేవి. మరి కొన్ని తేడాలు ఎప్పటికీ తీరవు. ఒక నిబంధన ఉల్లంఘనకు మేము కట్టిన 50,000 రూపాయల జరిమానాను పన్ను చట్టం ఈ ఏడాదే కాదు, ఏ ఏడాదీ ఖర్చుగా ఒప్పుకోదు. అలాంటిదానికి డిఫర్డ్ టాక్స్ ఉండదు.

ఇంతవరకు తెలిశాక ధైర్యంగా ఎక్సెల్ తెరిచాను. పన్నుకు ముందు పుస్తకాల లాభం 30 లక్షలు. పాత యంత్రాలతో కలిపి పుస్తకాల్లో వేసిన తరుగుదల 9.50 లక్షలు కలిపి, పన్ను తరుగుదల 13.50 లక్షలు తీసేసి, గ్రాట్యుటీ 2 లక్షలు, జరిమానా 50 వేలు కలిపాను. ఆ ఏడాది ఒక పాత మెషిన్ కూడా అమ్మాము. పుస్తకాల్లో 3 లక్షల విలువ మిగిలి ఉన్న దాన్ని 4 లక్షలకు అమ్మగా వచ్చిన లక్ష రూపాయల లాభాన్ని, ఆడిటర్ గారి పాత ఫార్మాట్‌లో ఉన్నట్టే తీసేశాను. పన్నుకు లెక్కగట్టే ఆదాయం 27.50 లక్షలని తేలింది.

మా కంపెనీ 115BAA సెక్షన్ కింద తక్కువ రేటు ఎంచుకుంది. రేటు 22 శాతం కదా అని మొదట అదే వేశాను. దాని మీద 10 శాతం సర్‌ఛార్జి, ఆ మొత్తం మీద 4 శాతం సెస్ పడి అది 25.168 శాతం అవుతుందని వెంటనే గుర్తొచ్చి దిద్దుకున్నాను. ఆ రేటుతో ఈ ఏడాది కట్టాల్సిన పన్ను 6,92,120 రూపాయలు.

ఇక డిఫర్డ్ టాక్స్ దగ్గరికి వచ్చేసరికి, తరుగుదల తేడా 4 లక్షలు ఒకవైపు, గ్రాట్యుటీ 2 లక్షలు ఇంకోవైపు, నికరంగా 2 లక్షల మీద 50,336 రూపాయల లయబిలిటీ పెరిగిందని రాసి పంపేశాను.

మర్నాడు ఉదయం ఆడిటర్ గారి దగ్గర నుంచి ఫోను వచ్చింది. "ఇది బ్యాలెన్స్ షీట్ వైపు నుంచి కూడా వేసి చూశారా?" అన్నారు. ఆ మాట నేను అంతకు ముందు వినలేదు. ఏడాది మొదట్లో, చివర్లో యంత్రాల విలువ పుస్తకాల్లో ఎంతుంది, పన్ను లెక్కలో ఎంతుంది అని పక్కపక్కన పెట్టి, ఆ తేడా ఎంత మారిందో చూడమన్నారు. వేశాను. పుస్తకాల్లో మొదటి విలువ 66 లక్షలు, దానికి కొత్తది 40 కలిపి, అమ్మినదాని మిగిలిన విలువ 3, తరుగుదల 9.50 పోగా చివరికి 93.50 లక్షలు. పన్ను లెక్కలో మొదట 54, దానికి కొత్తది 40 కలిపి, అమ్మకం ధర 4, తరుగుదల 13.50 పోగా చివరికి 76.50 లక్షలు. మొదట ఉన్న తేడా 12 లక్షలు, చివరి తేడా 17 లక్షలు. అంటే తేడా 5 లక్షలు పెరిగింది. నా వర్కింగ్‌లో ఉన్నది 4 లక్షలే.

ఆ తేడా ఎక్కడిదో తెలియక రెండు రోజులు తరుగుదల షీట్‌ను వరుస వరుసనా తిరగేశాను. నిజానికి వెతకాల్సిన పనే లేదు. మూడో రోజు మొత్తం పన్ను వైపు నుంచి ఇంకో సరిచూపు చేశాను. పుస్తకాల లాభానికి ఎప్పటికీ తీరని తేడాను మాత్రమే కలిపితే 30.50 లక్షలు. దాని మీద 25.168 శాతం వేస్తే 7,67,624 రూపాయలు. ఈ ఏడాది పన్ను, డిఫర్డ్ టాక్స్ కలిపి సరిగ్గా ఇంతే రావాలి, ఎందుకంటే కాలం తేడాలు పన్ను పడే ఏడాదిని మారుస్తాయి తప్ప మొత్తాన్ని మార్చవు. నాకు వచ్చింది 7,42,456. తక్కువైనది 25,168 రూపాయలు. అది చూశాక నవ్వొచ్చింది. అది సరిగ్గా లక్ష రూపాయల మీద పన్ను. మా లెక్కలో ఒంటరిగా నిలబడి ఉన్న లక్ష ఒక్కటే, పాత మెషిన్ అమ్మిన లాభం.

ఆ లాభాన్ని ఆదాయంలోంచి తీసేసేటప్పుడు ఎందుకు తీస్తున్నానో నేను ఆలోచించలేదు. అది జరిమానా లాంటి శాశ్వతమైన తేడా అని నాకు తెలియకుండానే అనుకున్నాను. పన్ను చట్టంలో ఒక్కో మెషిన్‌కు విడిగా లాభనష్టాలు ఉండవు. ఒకే రేటున్న యంత్రాలన్నీ ఒక బ్లాక్‌గా ఉంటాయి, అమ్మిన ధర 4 లక్షలు ఆ బ్లాక్ నుంచి తగ్గిపోతుంది. ఆ ఏడాది లాభం మీద పన్ను పడదు గానీ, బ్లాక్ చిన్నదైనందున తర్వాతి ఏళ్లలో తరుగుదల తగ్గి ఆ పన్ను అలా తిరిగి వస్తుంది. కాబట్టి అది కూడా కాలం తేడాయే. దాన్ని కలిపితే యంత్రాల వైపు 5 లక్షలు, గ్రాట్యుటీ 2 లక్షలు పోగా నికరం 3 లక్షలు, దాని మీద 75,504 రూపాయలు. బ్యాలెన్స్ షీట్ వైపు నుంచి కూడా, యంత్రాల తేడాలోంచి గ్రాట్యుటీ ప్రొవిజన్ మొదట 6 లక్షలు, చివర 8 లక్షలు తీసేస్తే, మొదటి నికర లయబిలిటీ 1,51,008, చివరిది 2,26,512, పెరిగింది అదే 75,504. ఇప్పుడు మూడు దారులూ ఒకే అంకె దగ్గర కలిశాయి.

లెక్క ముగిసింది గానీ ఓనర్ గారిని ఒప్పించడం మిగిలింది. డ్రాఫ్ట్ చూసి, "ఏమ్మా, మనం కట్టేది ఆరు లక్షల తొంభై రెండు వేలే కదా, ఇంకో డెబ్బై ఐదు వేలు ఖర్చులో ఎందుకు వేశావు? లాభం ఊరికే తగ్గించావు" అన్నారు. మెషిన్ తరుగుదలను ఏడేళ్లకు రెండు వరుసల్లో రాసి చూపించాను. "ఇప్పుడు వేయకపోతే ఈ ఏడాది లాభం ఎక్కువ కనిపిస్తుంది సార్, ఏడో ఏడాది నుంచి అదే లాభానికి పన్ను ఎక్కువ పడి, వ్యాపారం దెబ్బతిన్నట్టు కనిపిస్తుంది" అన్నాను. కాసేపు ఆ కాగితం చూసి తలూపారు.

తలూపినవారు అంతటితో ఊరుకోలేదు. ఆయనకు నష్టాల్లో నడుస్తున్న ఇంకో చిన్న కంపెనీ ఉంది. "గ్రాట్యుటీకి అసెట్ చూపించినప్పుడు, అక్కడి నష్టాలకూ చూపించొచ్చుగా? రేపు లాభాలు వస్తే పన్ను తగ్గుతుంది కదా" అని అడిగారు. ప్రశ్న మంచిదే, దానికి జవాబు ఆడిటర్ గారే చెప్పారు. మా బోటి కంపెనీలకు వర్తించే ఏఎస్ 22 అనే అకౌంటింగ్ ప్రమాణం మామూలు తేడాలకు భవిష్యత్తులో లాభం వస్తుందన్న సహేతుకమైన నమ్మకం ఉంటే చాలంటుంది. ముందుకు తెచ్చిన నష్టాలు ఉన్నచోట మాత్రం లాభం దాదాపు ఖాయమని బలమైన రుజువుతో చూపించాలంటుంది. బ్యాంకు లోను కోసం తయారుచేసిన అంచనాలు అందుకు పనికిరావు, రద్దు చేసుకుంటే భారీ పరిహారం కట్టాల్సి వచ్చేలాంటి గట్టి ఆర్డరు చేతిలో ఉండాలి. పైగా వ్యాపార నష్టాన్ని 8 ఏళ్లలోపు వాడుకోకపోతే అది పోతుంది. అక్కడ అసెట్ రాయలేదు.

సంతకం పెట్టేముందు ఓనర్ గారు, "అయితే ఈ రెండు లక్షల ఇరవై ఆరు వేలు ఏ సంవత్సరం కట్టాలి?" అని అడిగారు. కొత్త మెషిన్ ఒక్కదాన్నే చూస్తే 2029-30 నుంచి తగ్గడం మొదలవుతుందని చెప్పాను. "ఈలోగా ఇంకో మెషిన్ కొంటేనో?" అన్నారు. దానికి మొదటి ఏళ్లలో వచ్చే తేడా పాతదాని తగ్గుదలను మింగేస్తుంది, బ్యాలెన్స్ షీట్‌లో ఆ అంకె తగ్గకపోగా పెరగవచ్చని చెప్పాను. ఆయన పెన్ను తెరుస్తూ, కొత్త ప్రింటింగ్ మెషిన్ కొటేషన్ తన టేబుల్ మీదే ఉందన్నారు.