పాత గోడకు ఇటుకలు వెతుక్కుంటూ బట్టీ దాకా

ఏటి ఒడ్డున బట్టీ ఉందని మేస్త్రీ గారు చెప్పినప్పటి నుంచి అక్కడికి వెళ్ళాలనే ఉంది. మేము బాగుచేస్తున్న పాత గోడలోంచి ఊడిన ఒక ఇటుకను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. దుకాణంలో దొరికే కొత్త ఇటుక ఒకటి, చిన్న తూకం కూడా పెట్టుకుని ఇద్దరం తెల్లవారుజామునే బయలుదేరాం.

ఆ గోడ సంగతి ముందు చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట ఎవరో దాని అడుగుభాగంలో ఓ చోట గట్టి కొత్త ఇటుకలు పెట్టి, సిమెంటుతో కట్టారు. ఆ అతుకు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. దాని చుట్టూ ఉన్న పాత ఇటుకలు మాత్రం వేలు పట్టేంత లోతుకు పొడిపొడిగా రాలిపోయాయి. నేలలోంచి ఎక్కే తేమ ఎక్కడో ఒకచోట బయటికి ఆరాలి. గట్టి ఇటుక, సిమెంటు దాన్ని సరిగా వదలవు కాబట్టి తేమంతా పక్కనున్న మెత్తటి ఇటుకలవైపు మళ్ళుతుంది. నీటితో పాటు వచ్చిన ఉప్పు అక్కడే పలుకులు కట్టి, ఇటుక పైపొరను లోపలి నుంచి నెట్టేస్తుంది. అంటే ఆ రిపేరు తాను నిలబడి, పక్కవాటిని తినేసింది. ఈసారి పాతదానిలాగే తేమను పీల్చి వదిలే ఇటుక కావాలి. అందుకే ఈ ప్రయాణం.

బండి దిగి గట్టు మీద నడుస్తుంటే బట్టీ కంటే ముందు దాని వాసన తగిలింది, తడిమట్టీ పొగా కలిసిన వాసన. ఒకవైపు పచ్చి ఇటుకల వరుసలు ఆరుతున్నాయి. ఇంకోవైపు ఇంటి ఎత్తున పేర్చిన బట్టీ, పైన మట్టి మెత్తి, పక్కల నుంచి సన్నగా ఆవిరి వదులుతోంది. అక్కడి పెద్దాయన మా పాత ఇటుకను చేతిలోకి తీసుకుని, ముందు తూచలేదు, కొలవలేదు. విరిగిన వైపు చూశారు.

"పై ముఖం చూసి రంగు చెప్పకూడదమ్మా. దాని మీద మసి ఉంటుంది, సున్నం ఉంటుంది. లోపల చూడాలి" అన్నారు. కడిగి, తడిగా ఒకసారి, ఆరాక మరోసారి చూశారు. లోపల నారింజ ఎరుపు, సన్నటి ఇసుక రేణువులు, అక్కడక్కడ చిన్న ఖాళీలు. మట్టిలోని ఇనుము గాలి బాగా ఆడే మంటలో కాలితే ఈ ఎరుపు వస్తుంది. గాలి అందకపోతే నడుమ నల్లగా మిగిలిపోతుంది.

మట్టి పని చూపించారు. వేర్లున్న పైమట్టి తీసేసి, కింది మట్టిని తవ్వి ఎండకూ మంచుకూ వదిలేస్తారు. గడ్డలు విరిగాక నీళ్ళు పోసి నానబెట్టి తొక్కుతారు. బంక మరీ ఎక్కువైతే ఆరేటప్పుడు ఇటుక పగులుతుంది, వంకర పోతుంది. అందుకే ఇసుక కలుపుతారు. ఆయన మాటిమాటికీ ఏరి పారేస్తున్నవి తెల్లటి సున్నపు గులకలు. బట్టీలో అవి కాలి గుల్లసున్నమవుతాయి. తర్వాత తేమ తగిలితే ఉబ్బి, ఇటుక ముఖాన్ని చెక్కలుగా పేల్చేస్తాయి. కొన్న ఇటుకను కొన్ని రోజులు తడి తగిలేలా ఉంచి చూస్తే ఈ దోషం గోడ ఎక్కకముందే బయటపడుతుంది.

అచ్చుకు ఇసుక అద్ది, మట్టిముద్దను బలంగా విసిరి, పైన గీసి, ఒక్క కదలికలో తిరగేస్తున్నారు. మా పాత ఇటుక పక్కలకు ఉన్న గరుకుతనం ఇదే అని అప్పుడు అర్థమైంది. తీగతో కోసిన యంత్రపు ఇటుకకు ఈ ముఖం ఎప్పటికీ రాదు.

కొలత దగ్గర చాలాసేపు కూర్చున్నాం. పాత ఇటుక పొడవు 22, వెడల్పు 10.5, మందం 5 సెంటీమీటర్లు. దుకాణపు ఇటుక మందం 7.5. అది పెడితే వరసలు పాత వరసలతో కలవవు. మధ్యలో సున్నం మందంగా నింపి సర్దాల్సి వస్తుంది, గోడ ముఖం చెడుతుంది. వాళ్ళ మట్టి ఆరి, కాలేసరికి మొత్తం పదో వంతు దాకా కుంచించుకుపోతుందట. అందుకని కావలసిన ప్రతి కొలతనూ 0.9తో భాగించాం. అచ్చు లోపల 24.4, 11.7, 5.6 సెంటీమీటర్లు ఉండాలి. మట్టి మారితే ఈ లెక్కా మారుతుంది, కాబట్టి ముందు నమూనా ఇటుకలు కాల్చి కొలవాలని ఆయనే అన్నారు.

కాల్చడం గురించి అడిగితే ఆయన గొంతు మారింది. మొదట మంట చాలా నెమ్మదిగా ఉండాలి. లోపలి నీరు ఆవిరై పోకముందే వేడి పెంచితే ఇటుక పగులుతుంది. తర్వాతే వేడి పెంచుతూ, 900 నుంచి 1000 డిగ్రీల దాకా తీసుకెళ్తే మట్టి రేణువులు కరిగీకరగకుండా ఒకదానికొకటి అంటుకుంటాయి. ఇటుకలు కుంచించుకుపోయేకొద్దీ బట్టీ పైభాగం కిందికి దిగుతుంది. ఎంత దిగిందో చూసే ఆయన మంట ఆపాలా వద్దా అని నిర్ణయిస్తారు. చల్లార్చడంలోనూ తొందర కుదరదు. 573 డిగ్రీల దగ్గర ఇసుకలోని పలుగురాయి ఒక్కసారిగా పరిమాణం మార్చుకుంటుంది, అప్పుడు చల్లగాలి తగిలితే కంటికి కనిపించని పగుళ్ళు వస్తాయి. రెండు ఇటుకలు తట్టినప్పుడు ఖంగుమనకుండా మొద్దుగా మోగేవాటిలో ఇలా పగిలినవీ ఉంటాయి.

ఒకే బట్టీలో ఇటుకలన్నీ ఒకలా కాలవు. నాకు అన్నిటికంటే విలువైన మాట ఇదే. పొయ్యి పక్కనున్నవి మాడి వంకర పోయి గాజులా మెరుస్తాయి. నడుమవి బాగా కాలుతాయి. అంచులవి, గాలివాటుకు ఉన్నవి కాలీకాలకుండా గోరు గీస్తే గీత పడేలా ఉంటాయి. పాతకాలం మేస్త్రీలు నడుమ ఇటుకలను గోడ ముఖానికి వాడి, అంచు ఇటుకలను గోడ లోపల, పూతల వెనక దాచేవారు. కూల్చిన భవనం నుంచి పాత ఇటుకలు తెచ్చి వాడితే సరిపోతుందనుకునేవాళ్ళు గమనించాల్సింది ఇక్కడే. ఎప్పుడూ వాన చూడని లోపలి ఇటుక ముఖానికి వస్తే కొన్ని వానలకే కరిగిపోతుంది. వయసు కలిసినంత మాత్రాన జత కుదరదు.

నేను తెచ్చిన లెక్క చూపించాను. బాగా ఆరబెట్టిన పాత ఇటుక 1.90 కిలోలు. ఒక రోజంతా నీళ్ళలో ఉంచాక 2.24 కిలోలు. అంటే దాదాపు 18 శాతం నీరు పీల్చింది. దుకాణపు గట్టి ఇటుక అదే పరీక్షలో 9 శాతమే పీల్చింది. ఆయన కొంచెం ఆలోచించి, పొయ్యికి మరీ దగ్గరగా కాకుండా, నడుమ భాగానికి బయటి వరసల్లో మా ఇటుకలు పేర్చుతానన్నారు. మేస్త్రీ గారు పక్కనుంచి, "పీల్చడం కలిస్తే చాలదు పెద్దయ్యా, గోరుకు రాలకూడదు" అని గుర్తుచేశారు. అవును, మెత్తదనం పేరుతో కాలీకాలని ఇటుక తీసుకోకూడదు.

వచ్చే బట్టీలో నమూనాలు కాల్చమని చెప్పాం. తట్టి మోత వింటాం, నీళ్ళలో ఉంచి తూస్తాం, కొలతలు చూస్తాం. విరగ్గొట్టి రంగు పోలుస్తాం. 15 నుంచి 20 శాతం మధ్య పీలిస్తే, గోరు దిగకపోతే, అప్పుడే మిగతావి చేయిస్తాం. సిమెంటు మాత్రం వాడం. ఇసుకా సున్నమూ కలిపిన గార ఇటుక కంటే మెత్తగా ఉంటుంది, తేమ దానిగుండానే బయటికి వెళ్ళిపోతుంది. రాలాల్సి వస్తే అదే రాలుతుంది. దాన్ని మళ్ళీ నింపుకోవచ్చు.