అంకణా కలిసినా అనామతు ఖాతా తెరవాల్సి వచ్చింది

పర్లాకిమిడిలో సిమెంటు, ఇనుము అమ్మే ఒక కొట్లో లెక్కలు రాస్తాను. కౌంటర్ దగ్గర అమ్మకాల పుస్తకం రాసే కుర్రాడు ఒడియా బడిలో చదువుకున్నవాడు, అంకెలు ఒడియాలోనే వేస్తాడు. వాటిని చూసి ఆవర్జాలో, అంటే ఒక్కో ఖాతా విడివిడిగా ఉండే పుస్తకంలో, మామూలు అంకెల్లో ఎక్కించడం నా పని.

ఆ ఏడాది మార్చి 31 లెక్కలకు, ఖాతాల నిల్వలన్నీ ఒకచోట చేర్చి సరిచూసే అంకణా వేస్తే డెబిట్, క్రెడిట్ మొదటిసారే కలిశాయి. చాలా సంతోషపడ్డాను. మూడో రోజు కాశీనగర్ నుంచి మా పాత ఖాతాదారు, మేస్త్రీ గారు వచ్చారు. "బాబూ, నా బిల్లు రెండువేల నాలుగొందల యాభై కదా, మీ పుస్తకంలో రెండువేల ఎనిమిదొందల యాభై అని ఎలా పడింది?" అన్నారు. ఆయన బిల్లు, మా అమ్మకాల పుస్తకం పక్కపక్కన పెట్టి చూశాను. రెండింట్లోనూ 2,450 ఉంది. ఆవర్జాలో నేనే 2,850 రాశాను. ఒడియా నాలుగు తొందరగా రాస్తే అచ్చం మన 8 లా కనిపిస్తుంది.

సవరణ చిట్టా రాద్దామని కూర్చుంటే చెయ్యి ఆగిపోయింది. మేస్త్రీ గారి ఖాతాకి 400 క్రెడిట్ ఇవ్వాలి, మరి డెబిట్ దేనికి? అంకణా కలిసి ఉంటే, కారణం దొరకని తేడాని తాత్కాలికంగా ఉంచే అనామతు ఖాతా అవసరం లేదనే నాకు గుర్తు. అంతకు ముందు వారం అలాగే చేశాను కూడా. కొట్టుకి కొన్న 8,600 రూపాయల కాటాని సరుకు కొనుగోళ్ళలో రాసేశాం. దాన్ని సామగ్రి ఖాతాకి డెబిట్, కొనుగోళ్ళ ఖాతాకి క్రెడిట్ చేసి సరిచేశాను. అక్కడ రెండు కాళ్ళూ పడ్డాయి, ఒక కాలు వేరే ఖాతాలో పడింది, అంతే. మేస్త్రీ గారి విషయంలో అలా కాదు. అమ్మకాల పుస్తకంలో 2,450 సరిగ్గానే ఉంది, ఆవర్జాలో ఒక్క డెబిట్టే 400 ఎక్కువ పడింది. ఒంటికాలు తప్పు. అలాంటిది ఉంటే అంకణా తేడా రావాలి. రాలేదంటే ఎక్కడో క్రెడిట్ వైపు కూడా 400 ఎక్కువగానో, డెబిట్ వైపు ఇంకో 400 తక్కువగానో ఉండి తీరాలి.

అది అర్థమయ్యాక రాత తేలికైంది. అనామతు ఖాతా డెబిట్ 400, మేస్త్రీ గారి ఖాతా క్రెడిట్ 400. కలిసిన అంకణాలోకి కొత్తగా అనామతు ఖాతా వచ్చి కూర్చుంది. షావుకారు గారు చూసి, "కలిసిన లెక్కలో ఇదేంటి బాబూ?" అని అడిగారు. దొరకని రెండో తప్పుకి ఇది గుర్తండీ, అది దొరికేదాకా లాభం తేల్చకూడదు అన్నాను.

ఇక వెతుకులాట. 400ని తొమ్మిదితో భాగిస్తే మిగులు వస్తుంది, కాబట్టి పక్కపక్క అంకెలు తారుమారు కావడం వల్ల వచ్చింది కాదు. ఒక వైపు పడాల్సిన 200 రెండో వైపు పడినా తేడా 400 వస్తుంది, అందుకని 200 ఉన్న పద్దులన్నీ చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి. రెండు మూడు చిన్న తప్పులు కలిసి 400 అయ్యాయేమోనన్న టెన్షన్ ఒకటి. అలాంటివైతే ప్రతి పద్దూ టిక్కు పెట్టుకుంటూ పోవడం తప్ప దారి లేదు. అప్పుడు తట్టింది: నేను వందల స్థానంలో నాలుగుని ఎనిమిదిగా చదివాను. మళ్ళీ అదే స్థానంలో అదే అంకెని అలాగే చదివి ఉంటే తేడా సరిగ్గా 400 అవుతుంది.

అమ్మకాల పుస్తకంలో వందల స్థానంలో ఒడియా నాలుగు ఉన్న ప్రతి మొత్తాన్నీ వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళాను. నవంబరు చివరి పేజీలో కుర్రాడు వేసిన నెల మొత్తం 52,460. నేను అమ్మకాల ఖాతాకి క్రెడిట్ చేసింది 52,860. ఒకే కన్ను ఒకే అంకె దగ్గర రెండుసార్లు పొరబడితే, ఒకటి డెబిట్‌లో ఒకటి క్రెడిట్‌లో పడి రెండూ ఒకదాన్నొకటి కప్పేశాయి.

రెండో చిట్టా: అమ్మకాల ఖాతా డెబిట్ 400, అనామతు ఖాతా క్రెడిట్ 400. అనామతు ఖాతా సున్నా అయింది. నేరుగా అమ్మకాలు డెబిట్, మేస్త్రీ గారు క్రెడిట్ అని ఒకే పద్దు రాసినా అంకెలు సరిపోతాయి. కానీ అవి రెండు వేర్వేరు తప్పులు, ఆడిటర్ గారికి ఒక్కోటీ విడిగా కనపడాలి, అందుకే రెండు పద్దులూ వివరణతో సహా ఉంచాను. ఏడాది లెక్క ఇంకా మూయలేదు కాబట్టి అమ్మకాల ఖాతాకే డెబిట్ ఇవ్వగలిగాను. మూసేశాక దొరికి ఉంటే లాభనష్టాల సర్దుబాటు ఖాతా ద్వారా రాయాల్సి వచ్చేది.

లాభం 400 తగ్గింది, రావలసిన బాకీ 400 తగ్గింది, అంకణా రెండు వైపులా 400 తక్కువతో మళ్ళీ కలిసింది. ఆ సాయంత్రమే మేస్త్రీ గారికి ఫోన్ చేసి బాకీ సరిచేశామని చెప్పాను. కుర్రాడితో, "నాలుగు మాత్రం పైన బాగా విడదీసి రాయమ్మా" అన్నాను. మొత్తాల పక్కన అక్షరాల్లో కూడా రాయడం అప్పటి నుంచి మొదలుపెట్టాం.