నోటీసు రెండు నెలలు, చేతిలో ఉన్నది మూడు వారాలు: మా అద్దె ఫ్లాట్ లెక్క తేలిన తీరు

హైదరాబాద్ నిజాంపేటలో మాకొక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఉంది. మేం ఉండేది హనుమకొండలో. ఇద్దరం టీచర్లం. ఫ్లాటు మీద ఇంకా లోన్ నడుస్తోంది, అద్దె వస్తేనే ఈఎంఐ సాఫీగా వెళ్తుంది. 2025 జనవరి 1 నుంచి ఒక చిన్న కుటుంబానికి ఇచ్చాం. భార్యాభర్తలు, నాలుగేళ్ల పాప. అద్దె 24,000, మెయింటెనెన్స్ 3,000, అడ్వాన్స్ రెండు నెలల అద్దె, అంటే 48,000. అందరిలాగే మేమూ పదకొండు నెలలకే అగ్రిమెంటు రాసుకున్నాం. నవంబర్ 30 వరకు గడువు.

జూన్ 6న ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. "ఆంటీ, నన్ను పుణె ఆఫీసుకి మార్చారు. నెలాఖరుకి ఖాళీ చేస్తాం. అడ్వాన్స్ ఆ రోజే ఇచ్చేస్తే మాకు అక్కడ ఇంటికి పనికొస్తుంది" అన్నాడు. నాకు కాళ్ల కింద భూమి కదిలినట్టయింది. నిజం చెప్పాలంటే అతని అడ్వాన్స్ మా దగ్గర లేదు, జనవరిలోనే మా అబ్బాయి ఫీజుకి కట్టేశాం. "ఇలా మధ్యలో వెళ్లిపోతే ఎలా బాబూ? నవంబర్ దాకా రాసుకున్నాం కదా, అడ్వాన్స్ రాదు" అని కోపంగానే అన్నాను. అతను ఏమీ మాట్లాడకుండా పెట్టేశాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా వీధిలోనే ఒక లాయరు గారు ఉన్నారు. మర్నాడు అగ్రిమెంటు కాపీ పట్టుకుని వెళ్లాం. ఆయన మొత్తం చదివి ఒక వాక్యం మీద వేలు పెట్టారు. "ఇరుపక్షాలలో ఎవరైనా రెండు నెలల ముందు లిఖితపూర్వకంగా నోటీసు ఇచ్చి లీజు ముగించుకోవచ్చును" అని ఉంది. "అక్కా, ఈ మాట ఉన్నప్పుడు మీరు నవంబర్ దాకా అద్దె అడగలేరు. మీకు రావలసింది నోటీసు ఇచ్చిన రోజు నుంచి రెండు నెలలు. అదీ ఇల్లు నిజంగా ఖాళీగా ఉన్న మేరకే" అన్నారు.

ఆ చివరి ముక్క నాకు అర్థం కాలేదు. ఆయన ఓపిగ్గా విడమరిచారు. ఒకరు ఒప్పందం తప్పితే రెండోవాళ్లకు జరిగిన నష్టానికే పరిహారం, అది 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్. ఆ నష్టం తగ్గించుకునే దారి మనకు ఉందా, ఆ దారి వాడుకున్నామా అన్నదీ అందులో లెక్కకు వస్తుంది. 'అడ్వాన్స్ మొత్తం జప్తు' అని రాసుకున్నా సరే, 74వ సెక్షన్ ప్రకారం ఆ మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమే, దాని లోపల న్యాయమైనంతే వస్తుంది. "పాతవాళ్ల దగ్గర జూలై అద్దె పట్టుకుని, అదే జూలైకి కొత్తవాళ్ల దగ్గర కూడా తీసుకుంటే అది మీ నష్టం కాదు కదా. ఇల్లు ఎంత త్వరగా నింపితే అంత మంచిది, ఇద్దరికీ" అన్నారు.

ఇంటికొచ్చి ఆ అబ్బాయికి నేనే ఫోన్ చేసి, ముందు నా మాట తీరుకు సారీ చెప్పాను. తర్వాత మా ప్రతిపాదన చెప్పాను. రోజుకు అద్దె 800, మెయింటెనెన్స్ 100, నెలకు ముప్పై రోజుల లెక్కన. కొత్తవాళ్ల అద్దె మొదలయ్యే రోజు వరకు, లేదా రెండు నెలల నోటీసు ముగిసే రోజు వరకు, ఏది ముందైతే అప్పటి దాకా రోజుకు 900 అతని ఖాతాలో. అంటే ఎవరైనా వారం ముందు దిగితే అతనికి 6,300 మిగులుతుంది. అతను ఒప్పుకున్నాడు. "అయితే నోటీసు తేదీ వేసి రాసి పంపించు" అన్నాను. జూన్ 8 ఆదివారం వాట్సాప్‌లో వచ్చింది, సంతకం పెట్టిన కాగితం ఫొటోతో సహా. అక్కడి నుంచి రెండు నెలలంటే ఆగస్టు 7. నోటీసు రాతలో లేకపోతే చివర్లో 'నేను జూన్ 6నే చెప్పాను', 'కాదు, పదో తేదీన చెప్పావు' అని వాదన మొదలవుతుంది. రోజుకు 900 పోతున్నప్పుడు ఆ రెండు మూడు రోజులే గొడవకు చాలు.

ఈ ఒప్పందం వల్ల అన్నిటికంటే మేలు జరిగింది ఇల్లు చూపించే విషయంలో. మేం హనుమకొండ నుంచి రోజూ వెళ్లలేం. వాచ్‌మన్ దగ్గర ఇంకో తాళం చెవి ఉన్నా మనుషులు కాపురం ఉన్న ఇంట్లోకి వాళ్లను అడగకుండా ఎవరినీ పంపకూడదు. అందుకని సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది, ఆదివారం పొద్దున అని టైమ్ అనుకున్నాం. వంటిల్లు సర్ది, లైట్లన్నీ వేసి, నీళ్లు ఎప్పుడొస్తాయో, ఎండ ఏ గదిలో పడుతుందో ఆ అమ్మాయే చెప్పేది. ఖాళీ చేసి వెళ్లేవాళ్ల మీద కోపం పెట్టుకుంటే ఈ సాయం దొరికేది కాదు. వచ్చినవాళ్లతో 'ఓనరు సరిగా ఉండరు' అని ఒక్క మాట అన్నా చాలు, ఇల్లు నిండదు.

నా వల్ల కూడా ఒక తప్పు జరిగింది. చుట్టుపక్కల అద్దెలు పెరిగాయని విని 26,000 అని టులెట్ పెట్టించాను. పది రోజుల్లో ఆరుగురు చూసి వెళ్లారు, ఎవరూ మళ్లీ ఫోన్ చేయలేదు. లాయరు గారు సూటిగా చెప్పారు: "అద్దె పెంచి అడగడం మీ ఇష్టం. కానీ దాని వల్ల ఇల్లు ఖాళీగా ఉంటే ఆ రోజులు పాతవాళ్ల మీద వేయలేరు." మళ్లీ 24,000కే దించాను.

అప్పటికే ఆషాఢం దగ్గర పడింది. ఆ ఏడు జూన్ 26 నుంచి జూలై 24 వరకు ఆషాఢం. ఇల్లు అద్దెకిచ్చే మాకు ఈ నెల సంగతి తెలిసిందే, చూసేవాళ్లు చూస్తారు గానీ శ్రావణం వస్తే గాని పాలు పొంగించరు. అద్దె దించాక ఒక కుటుంబానికి ఇల్లు బాగా నచ్చింది, కానీ ఆషాఢం లోపే దిగాలన్నారు. పాతవాళ్లకు సామాన్ల లారీ జూన్ 30కి బుక్ అయి ఉంది. "జూన్ 20న వాళ్లు వచ్చి మా స్టవ్ మీదే పాలు పొంగించుకోమనండి ఆంటీ, సామాన్లు తర్వాత తెచ్చుకుంటారు" అని ఆ అమ్మాయి పెద్ద మనసుతో అంది. వేరేవాళ్ల కాపురం ఉన్న ఇంట్లో వద్దని వాళ్ల అత్తగారు అన్నారట. అలా ఆ బేరం పోయింది.

జూన్ 30న సెలవు పెట్టి వెళ్లాను. జనవరిలో తాళాలిచ్చేటప్పుడు ఫోన్‌లో ఇల్లంతా వీడియో తీశాను. అది పక్కన పెట్టుకుని గది గదీ ఇద్దరం కలిసే చూశాం. హాల్లో ఒక గోడ నిండా పాప రంగు పెన్సిల్ గీతలు. వాష్ బేసిన్ అంచు పగిలింది, వీడియోలో అది బాగానే ఉంది. ఈ రెండూ వాళ్లవేనని వాళ్లూ ఒప్పుకున్నారు. గోడకు 3,500, బేసిన్‌కు 1,800. గీజర్ సరిగా వేడెక్కడం లేదు, దానికీ కోద్దామనుకున్నాను. మెకానిక్ విప్పి చూస్తే లోపలంతా బోరు నీళ్ల ఉప్పు పేరుకుంది. అది వాడకంలో వచ్చే అరుగుదల, ఎవరున్నా వచ్చేదే. ఆ ఖర్చు నాదే. క్యాలెండర్ మేకు రంధ్రాలూ అంతే. కరెంటు మీటరు రీడింగ్ ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలో పెట్టుకున్నాం.

ఇక డబ్బు. ఇల్లు ఎప్పుడు నిండుతుందో ఆ రోజు తెలియదు, అతనేమో పుణె వెళ్లిపోతున్నాడు. 'కొత్తవాళ్లు వచ్చాక అంతా ఇస్తాం' అంటే అతనికి టెన్షన్, అంతా ఇచ్చేస్తే మాకు టెన్షన్. అందుకే రెండు విడతలుగా చేశాం. ఎంత ఎక్కువ పట్టుకోవాల్సి రావచ్చో ముందు లెక్క వేశాం. జూలై 1 నుంచి ఆగస్టు 7 వరకు 38 రోజులకు 34,200, మరమ్మతులు 5,300, రావలసిన కరెంటు బిల్లుకు 1,500. మొత్తం 41,000. మిగిలిన 7,000 అక్కడికక్కడే పంపాను, మా వారి జీతంలోంచి సర్దుకుని. మిగతాది కొత్తవాళ్లు దిగిన మూడు రోజుల్లో లెక్క చెప్పి పంపాలని, ఇల్లు ఆ రోజుతో నాకు అప్పగించినట్టేనని పాత అగ్రిమెంటు వెనకే రాసి ఇద్దరం సంతకాలు చేశాం.

జూలై మొదటి ఐదు రోజులు ఇల్లంతా పెయింట్ వేయించాను. పదమూడో తేదీన ఒక కుటుంబం చూసి 5,000 టోకెన్ ఇచ్చింది. వాళ్లు ఎవరో కాదు, ఆ అబ్బాయి పాత ఆఫీసు స్నేహితుడే. పుణె వెళ్లాక కూడా ఆఫీసు గ్రూపులో మా ఇంటి ఫొటోలు పెడుతూనే ఉన్నాడు. శ్రావణం వచ్చిన మొదటి ఆదివారం, జూలై 27న, పాలు పొంగించారు. అద్దె ఆ రోజు నుంచే.

ఖాళీగా ఉన్నవి 26 రోజులు. లెక్క పంపితే అతను ఒక మాట అడిగాడు. "ఆంటీ, పెయింట్ వేసిన ఐదు రోజులు ఇల్లు ఎవరికీ ఇవ్వగలిగేవారు కాదు కదా?" ఆలోచిస్తే నిజమే. పాడైంది ఒక్క గోడ, మిగతా ఇల్లంతా నా ఇష్టంతో వేయించుకున్నది. ఐదు రోజులు తీసేశాను. 21 రోజులకు 18,900, మరమ్మతులు 5,300, రీడింగ్ ప్రకారం కరెంటు 1,100. మొత్తం 25,300. అతనికి రావలసింది 22,700, అందులో 7,000 ముందే ఇచ్చాం. మిగిలిన 15,700 జూలై 29న పంపాను, బేసిన్ బిల్లు, పెయింటరు ఇచ్చిన చీటీ, కరెంటు బిల్లు ఫొటోలతో. 'అందింది ఆంటీ, థాంక్స్. పుణె వస్తే మా ఇంటికి రండి' అని మెసేజ్ పెట్టాడు. లెక్క సరిపోయినట్టు ఒక వాక్యం రాసి పంపమన్నాను, అదీ పంపాడు.

కొత్తవాళ్ల అగ్రిమెంటులో నోటీసు వాక్యం కింద ఇంకోటి చేర్పించాను: "నోటీసు కాలం పూర్తికాకముందు ఖాళీ చేసిన ఎడల, కొత్త అద్దె మొదలగు తేదీ లేక నోటీసు ముగియు తేదీ, వీటిలో ఏది ముందైతే అంతవరకు రోజువారీ లెక్కన అద్దె చెల్లించవలెను." వాళ్లిచ్చిన 48,000 ఈసారి ఎవరి ఫీజుకీ వాడలేదు. నా పేరున వేరే ఖాతాలో ఉంది.