ఆ 7 నాకు 1 లా కనిపించింది

దసరా సెలవులు అయిపోయి నిన్ననే బడి తెరిచారు. మనసులో ఇంకా మంట తగ్గలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను. ఫొటోల్లో లెక్కలు దిద్దే టీచర్లు ఎవరైనా ఉంటే చివరిదాకా చదవండి.

నేను దేవరకొండలో ఒక ప్రైవేటు బడిలో పదో తరగతికి లెక్కలు చెబుతాను. పద్దెనిమిదేళ్లయింది. సెలవుల్లో పిల్లలు పుస్తకం ముట్టరని మా కరస్పాండెంట్ ఒక పరీక్ష పెట్టమన్నారు. బోర్డు మీద ప్రశ్నలు రాసి, దాని ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. పిల్లలు నోటుబుక్కులో చేసి, పేజీ ఫొటో తీసి పంపాలి. రాత్రి పదింటికల్లా మార్కులు గ్రూపులో పడాలి. ఇక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు. 42 మంది పంపారు. తొమ్మిదిన్నరకు ఇంకా పదిహేను ఫొటోలు మిగిలి ఉండగా ఆఫీసు నుంచి ఫోను, "ఏమైంది సార్, పేరెంట్స్ ఎదురు చూస్తున్నారు" అని. కుర్చీలో కూర్చుని గడియారం చూసేవాళ్లకు ఒక్క పేజీ చదవడానికి ఎంత సేపు పడుతుందో తెలియదు. ఆ ఫోను తర్వాత దిద్దిన పేజీలోనే తప్పు జరిగింది.

రెండో ప్రశ్న ఇది: రెండు సంఖ్యల మొత్తం 17, లబ్ధం 30. వర్గ సమీకరణం రాసి ఆ సంఖ్యలు కనుక్కోండి. నాలుగు మార్కులు. మొత్తమూ లబ్ధమూ తెలిస్తే సమీకరణం నేరుగా రాయొచ్చని నేనే నేర్పాను. ఒక అబ్బాయి అలాగే మొదలుపెట్టాడు. అతని పేజీ నా ఫోన్లో ఇలా కనిపించింది:

x² − 11x + 30 = 0
x² − 15x − 2x + 30 = 0
x(x − 15) − 2(x − 15) = 0
(x − 15)(x − 2) = 0
x = 15 లేదా x = 2

నాకు మొదటి వరుసలో 11 కనిపించింది. రెండో వరుసలో −15x, −2x. ఆ రెండూ కలిపితే 17 అవుతుంది, 11 కాదు. సమీకరణం తప్పుగా రాసినవాడికి సరైన జవాబు ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరి దగ్గరో చూసి రాశాడని నిర్ణయించేశాను. సున్నా వేసి, "చూసి రాసినది" అని ఎర్రగా రాసి ఫొటో గ్రూపులో పెట్టాను. ఆ గ్రూపులో 42 ఇళ్ల తల్లిదండ్రులు ఉన్నారు.

పొద్దున ఆరింటికి వాళ్ల నాన్న ఫోను చేశాడు. వాళ్లది తండా. పత్తి ఏరే రోజులు. కోపంగా మాట్లాడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. ఆయన మెల్లగా అన్నాడు: "సారూ, మా పోరడు చూసి రాసిండని అందరికి పెట్టిండ్రట. మా తండాల పదో తరగతి వీడొక్కడే గద సారూ. ఎవరిది చూస్తడు? చేను కాడ చెట్టు కింద కూసోని రాసిండు. నేను ఆడనే ఉన్న."

నేను పేజీ మళ్లీ తెరిచాను. మళ్లీ 11 లాగే కనిపించింది. పిల్లవాడికి ఫోను ఇవ్వమని, "మొదటి వరుసలో రాసింది ఒకటా, ఏడా?" అని అడిగాను. అదీ తప్పే. రాత్రి దొంగ అని రాసిన మాస్టారు పొద్దున అలా అడిగితే ఆ పిల్లవాడు ఏం చెబుతాడు? "మీరు ఏదంటే అదే సార్" అన్నాడు. ఆ మాట నన్ను రెండు రోజులు తినేసింది.

తొమ్మిదింటికి వాళ్ల నాన్న బండి మీద వచ్చి నోటుబుక్కు నా చేతిలో పెట్టాడు. వెలుతురులో చూస్తే అది స్పష్టంగా 7. ఫోన్లో ఎందుకు 1 అయిందో కూడా అక్కడే తెలిసింది. గీతల నోటుబుక్కు, నీలం గీతలు, నీలం పెన్ను. 7 కాస్త పొడుగ్గా రాయడంతో దాని పైగీత సరిగ్గా అచ్చు గీత మీద పడింది. కాగితం మీద చూస్తే పెన్ను సిరా ముదురుగా, అచ్చు గీత లేతగా ఉన్నాయి. ఫొటో చెట్టు నీడలో తీశాడు, పంపేటప్పుడు వాట్సాప్ దాన్ని కుదించింది, రెండు నీలాలూ కలిసిపోయాయి. పైగీత పోయిన 7 కి మిగిలేది ఒక వాలు పుల్ల. అంటే 1.

ఇంకా సిగ్గుపడాల్సింది మరొకటి ఉంది. రెండో వరుసలోని −15x − 2x ఆ అంకె 17 అని చెప్పే సాక్ష్యం. పిల్లవాడు 11 అనుకుని ఉంటే 5, 6 గా విడదీసేవాడు, ఎందుకంటే 5, 6 ల లబ్ధం కూడా 30 యే. అతని చెయ్యి 15, 2 రాసిందంటే అతని కన్ను పైన 17 చూసింది. నాకు అదే వరుస దొంగతనానికి రుజువుగా కనిపించింది. ముందు తీర్పు చెప్పి తర్వాత చదివాను కాబట్టి అలా జరిగింది.

ఆ రోజే గ్రూపులో క్షమాపణ రాశాను. నాలుగుకు నాలుగు వేశాను. తర్వాత కూర్చుని 42 పేజీలూ మొదటి నుంచి దిద్దాను. ఈసారి పద్ధతి మార్చాను.

అనుమానం వచ్చిన అంకెను ముందు అదే పేజీలో, విలువ గురించి సందేహం లేని అంకెలతో పోల్చాలి. రోల్ నంబరు, తేదీ, ప్రశ్న నంబరు అందుకు పనికొస్తాయి. రోల్ నంబరు 27 అయితే ఆ పిల్లవాడి 7 ఎలా ఉంటుందో అక్కడ తెలిసిపోతుంది. కానీ దీన్నే నమ్ముకోకూడదు. రోల్ నంబరు నింపాదిగా రాస్తారు, లెక్క మధ్యలో చెయ్యి పరుగెత్తుతుంది.

తర్వాత ఆ అంకెను చదవగలిగే రెండు రకాలనూ విడివిడిగా తీసుకుని కింది వరుసలు చెయ్యాలి. 17 అనుకుంటే తర్వాతి వరుస వస్తుందా, 11 అనుకుంటే వస్తుందా? ఇక్కడ మన దగ్గరున్న జవాబును పక్కన పెట్టాలి. సరైన జవాబుతో సరిపోయింది కాబట్టి అది 7 అనుకోవడం కూడా తప్పే. చూడాల్సింది పిల్లవాడి తర్వాతి వరుసను, మన కీని కాదు.

అప్పటికీ తేలకపోతే అడగాలి. అంకె పేరు ఎత్తకూడదు. ఇప్పుడు నేను ఇలా అడుగుతున్నాను: "నాన్నా, రెండో లెక్క మొదటి వరుస నుంచి చివరి దాకా నువ్వు రాసింది రాసినట్టు చదివి వాయిస్ పెట్టు." ఏ అంకె మీద అనుమానమో వాళ్లకు తెలియదు కాబట్టి భయపడి మార్చరు. ఇది జవాబులు గ్రూపులో పెట్టకముందే జరగాలి. పెట్టాక అడిగితే అందరూ సరైనదే చదువుతారు. మళ్లీ ఫొటో అడిగేటప్పుడు "అదే పేజీ, తిరిగి రాయొద్దు, ఎండ వెలుతురులో తీసి డాక్యుమెంటుగా పంపు" అని చెప్పాలి. డాక్యుమెంటుగా పంపితే ఫొటో కుదించుకుపోదు. మొదటి ఫొటోనూ పక్కన పెట్టుకుని చూస్తే పిల్లలు తర్వాత ఏమైనా మార్చారో లేదో తెలుస్తుంది.

ఈ పద్ధతిలో ఇంకో పేజీ నన్ను ఆపింది. ఒక అమ్మాయి రాసింది కూడా x² − 11x + 30 = 0 లాగే కనిపించింది. ఆ అబ్బాయి పేజీతో తగిలిన దెబ్బ గుర్తుండి 17 అని చదవబోయాను. కింద చూస్తే −6x − 5x, జవాబు 6, 5. ఇది నిజంగానే 11. వాయిస్‌లో కూడా "పదకొండు ఎక్స్" అని గట్టిగా చదివింది. మరి ప్రశ్నలో 17 ఉంటే 11 ఎందుకు రాసింది? నేను గ్రూపులో పెట్టిన బోర్డు ఫొటో తెరిచి చూశాను. నా 7 కి పైగీత పొట్టిగా, చాక్‌పీసు సగం పట్టనట్టుగా ఉంది. నా రాతే 11 లా ఉంది. ఆ అమ్మాయి తాను చదివిన ప్రశ్నకు ఒక్క మెట్టు కూడా తప్పకుండా చేసింది, లెక్క కష్టం కూడా ఏమీ తగ్గలేదు. పిల్లలు ప్రశ్నను ఎక్కించుకోవడంలో పొరపాటు చేస్తే ఒక మార్కు తీసి మిగతా మెట్లకు మార్కులు ఇస్తాను. ఇక్కడ పొరపాటు నాది. నాలుగూ ఇచ్చాను. మా స్టాఫ్ రూములో ఒకాయన "మిగతావాళ్లు 17 అనే చదివారు కదా" అన్నారు. నిజమే. వాళ్ల కళ్లు చురుగ్గా ఉంటే ఆ అమ్మాయి మార్కు ఎందుకు కోయాలి?

ఇప్పుడు బోర్డు మీద 7 కి నడుమ అడ్డగీత పెడుతున్నాను, 1 ని ఒట్టి నిలువు పుల్లగా రాస్తున్నాను. ప్రశ్నలో అంకె పక్కన అక్షరాల్లో కూడా రాస్తున్నాను: 17 (పదిహేడు). పిల్లలకూ అదే చెప్పాను. ఒకరిద్దరు ఆ అడ్డగీతను మరీ కిందికి లాగితే 2 లా కనిపిస్తోంది, వాళ్లను పక్కన కూర్చోబెట్టి రాయించాలి. నీలం గీతల పుస్తకంలో నల్ల పెన్ను వాడమన్నాను. మైనస్ గుర్తు కూడా అచ్చు గీత మీద పడితే ఫొటోలో కనిపించకుండా పోతుంది కాబట్టి, గుర్తులు రెండు గీతల మధ్యలో పడేలా రాయమన్నాను.

ఒక్క పేజీ ఇంకా తేలలేదు. చివరి లెక్కలో 0 కావచ్చు, 6 కావచ్చు. పేజీ వెనక రాసిన సిరా ఇవతలికి కనిపించి ఆ అంకెకు తోక వచ్చింది. ఆ లెక్క అక్కడితో ఆగిపోయింది, కింద పోల్చడానికి వరుస లేదు. వాళ్ల ఇంట్లో ఫోను పనికి వెళ్లిన అన్న దగ్గర ఉంది, వాయిస్ రాలేదు. పిల్లవాడు సోమవారం నోటుబుక్కు తెస్తాడు. ఆఫీసు నుంచి రెండుసార్లు అడిగారు. ఆ గడి ఖాళీగా ఉంచాను.